బీఆర్క్ తర్వాత మూడు ఆఫర్లు: జీతం, నేర్పు, పోర్ట్‌ఫోలియో

హైదరాబాద్‌లో ఈ ఏడాది బీఆర్క్ పూర్తి చేసిన ఒక పట్టభద్రుడి చేతిలో మూడు ఆఫర్లు ఉన్నాయనుకుందాం. మొదటిది పాతిక మంది కూడా లేని ఆర్కిటెక్చర్ డిజైన్ ఆఫీసు నుంచి. రెండోది కోకాపేట, తెల్లాపూర్ వైపు టవర్లు కడుతున్న రియల్ ఎస్టేట్ డెవలపర్ నుంచి. మూడోది ఫ్లాట్లకు మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేసిచ్చే ఇంటీరియర్ స్టూడియో నుంచి. నెల జీతాలను పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోయే విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ మూడు అంకెలూ ఒకే రకమైనవి కావు. అంతకంటే ముఖ్యంగా, ఈ మూడు చోట్లా ఒకే ఇంటిని మూడు వేర్వేరు దశల్లో చూస్తారు. ఏ దశ చేతికందుతుందన్నదే తర్వాతి పదేళ్లను ఎక్కువగా నిర్ణయిస్తుంది.

దీనికి మన వ్యవస్థలోనే కారణం ఉంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఐదేళ్ల డిగ్రీ ఉంటే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు వచ్చేస్తుంది. ఆ తర్వాత పేరు ముందు ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకోవచ్చు. డిగ్రీలో భాగంగా చేసిన ప్రాక్టికల్ ట్రైనింగ్ తప్ప, బయట ఇన్నేళ్లు పనిచేశావా అని విడిగా అడిగేవారు లేరు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ లైసెన్సు కావాలంటే పరీక్షలతో పాటు ఏఎక్స్‌పీ అనే కార్యక్రమం కింద 3,740 గంటల పని అనుభవం చూపాలి. ఆ గంటల విభజన గమనించదగ్గది. డిజైన్‌కు 1,080 గంటలు, వర్కింగ్ డ్రాయింగ్స్, స్పెసిఫికేషన్ల వంటి డాక్యుమెంటేషన్‌కు 1,520 గంటలు, నిర్మాణ దశకు 360 గంటలు. మిగతా 780 గంటలు ప్రాజెక్టు నిర్వహణ, ఆఫీసు నిర్వహణ, స్థలం, అవసరాల విశ్లేషణకు పోతాయి. అంటే ఐదింట రెండు వంతులు, గీసినదాన్ని కట్టగలిగే స్థితికి తెచ్చే పనికే. మన దగ్గర ఆ లెక్క అడిగేవారు లేరు కాబట్టి ఆ శిక్షణ భారమంతా తొలి ఉద్యోగం మీదే పడుతుంది. అందుకే అమెరికా వెళ్లే ఉద్దేశం లేనివారికి కూడా ఈ విభజన మంచి కొలబద్ద. ఏ ఆఫర్ వచ్చినా అక్కడ ఏడాదిలో ఈ గంటల్లో ఏవి దొరుకుతాయో వేసుకోవచ్చు.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ వాడే అంకెలు లెక్క చూపడానికి తీసుకున్నవి మాత్రమే, ఎవరి ఆఫర్ అంకెలు వారు పెట్టుకోవాలి.

డిజైన్ ఆఫీసు నెలకు 22,000 అంటుంది. చాలా చిన్న ఆఫీసులు దీన్ని జీతంగా కాక వృత్తిపరమైన ఫీజుగా చెల్లిస్తాయి. అప్పుడు 10 శాతం టీడీఎస్ పోగా చేతికి 19,800 వస్తుంది. ఏడాదికి కోత పడిన 26,400 పోయినట్టు కాదు. ఆదాయం పన్ను పరిమితిలోపే ఉంటుంది కాబట్టి రిటర్న్ దాఖలు చేస్తే వెనక్కి వస్తుంది. చాలామంది కొత్తవాళ్లు అది దాఖలు చేయకుండానే ఏడాది గడిపేస్తారు. అసలు తేడా పీఎఫ్ లేకపోవడంలో ఉంది. 20 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థకు పీఎఫ్ చట్టం తప్పనిసరి కాదు. ఫీజు పద్ధతిలో ఉన్నవారికి సెలవులు, గ్రాట్యుటీ కూడా ఉండవు.

డెవలపర్ 4.8 లక్షల సీటీసీ అంటాడు. నెలకు 40,000 అని సంబరపడేలోపు కోతలు చూడాలి. యజమాని వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద సుమారు 960 సీటీసీలోనే కలిపేస్తారు. ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 35,240 వస్తుంది. పీఎఫ్‌లో పడే 3,600 తన సొమ్మే కాబట్టి దాన్ని పొదుపుగా లెక్కేసుకోవచ్చు.

ఇంటీరియర్ స్టూడియో ఆఫర్‌లో చేతికి 23,000 స్థిరంగా వస్తుంది, పైన ఇన్సెంటివ్. నెల టార్గెట్ దాటితే బుక్ చేసిన ఆర్డర్ల విలువలో అర శాతం ఇస్తారనుకుందాం. 30 లక్షల బుకింగ్ చేసిన నెలలో 15,000 అదనం. ఏడాదిలో నాలుగు నెలలు టార్గెట్ దాటితే సగటున నెలకు 5,000 కలుస్తుంది. అయితే ఇన్సెంటివ్ ఎప్పుడిస్తారన్నది ఆఫర్ లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బుకింగ్ రోజునా, కస్టమర్ సగం డబ్బు కట్టాకా, ఇల్లు అప్పగించాకా? కస్టమర్ మధ్యలో ఆర్డర్ రద్దు చేస్తే ఇచ్చిన ఇన్సెంటివ్‌ను తిరిగి కోస్తారా? ఈ రెండూ తెలియకుండా ఆ 5,000ను ఆదాయంలో కలుపుకోకూడదు.

ఇప్పుడు వీటిని గంటలతో భాగించాలి. డిజైన్ ఆఫీసులో వారానికి 55 గంటలు, డెవలపర్ దగ్గర 50, ఇంటీరియర్‌లో 54 అనుకుంటే, గంటకు వరసగా 92, 163, 120 రూపాయల దగ్గర తేలుతుంది. డిజైన్ ఆఫీసుకు టీడీఎస్ తిరిగి వస్తుందన్న లెక్కతో 22,000 పూర్తిగా తీసుకున్నా ఇంతే. ఇంటీరియర్‌కు సగటు ఇన్సెంటివ్ 5,000 కూడా కలిపితేనే 120, అది లేకపోతే 98 దగ్గరే ఆగుతుంది. ఈ తేడాను యజమానుల పిసినారితనంగా మాత్రమే చూస్తే అసలు కారణం కనపడదు.

డిజైన్ ఆఫీసు బతికేది ఫీజు మీద. అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులకు చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకోవడం హైదరాబాద్‌లో మామూలు. 4 లక్షల చదరపు అడుగుల టవర్‌కు అడుగుకు 20 రూపాయలు ఒప్పుకున్నారనుకుంటే మొత్తం ఫీజు 80 లక్షలు. అది ప్లాన్ ఆమోదం, డ్రాయింగ్స్, స్లాబులు అంటూ దశలవారీగా నాలుగేళ్ల పాటు వస్తుంది, ఏడాదికి 20 లక్షలు. అందులోంచే ముగ్గురు మనుషుల జీతాలు, అద్దె, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, తిరుగుళ్లు. అనుమతి ఆగితే ఆ దశ ఫీజూ ఆగుతుంది, ఆఫీసు ఖర్చు మాత్రం ఆగదు. డెవలపర్ కథ వేరు. అదే టవర్‌ను అడుగుకు 3,000 పెట్టి కడితే నిర్మాణ ఖర్చు 120 కోట్లు. కారు తిరిగే దారిలో స్తంభం వచ్చిందని సెల్లార్‌లో పది పార్కింగ్‌లు పోతే కలిగే నష్టం ముందు ఒక ఆర్కిటెక్ట్ ఏడాది జీతం చిన్నది. ఆ తప్పును కాగితం మీదే పట్టుకునే మనిషి కోసమే అతను డబ్బు పెడుతున్నాడు. ఇంటీరియర్ స్టూడియోకి లాభం వచ్చేది డ్రాయింగ్ మీద కాదు, ప్లైవుడ్, లామినేట్, హార్డ్‌వేర్, పనితనం మీద. అడ్వాన్సు తీసుకుని రెండు మూడు నెలల్లో పని ముగిస్తారు కాబట్టి డబ్బు త్వరగా తిరుగుతుంది, దాన్ని తిప్పే అమ్మకాల వైపే ఇన్సెంటివ్ పెడతారు. జీతం ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఆ సంస్థ తన దగ్గర చేరే కొత్త ఆర్కిటెక్ట్ చేత ఏ పని చేయిస్తుందో చాలావరకు అర్థమవుతుంది.

నేర్చుకునే విషయానికి వస్తే, ఒక 3బీహెచ్‌కే ఫ్లాట్‌లోని ఒక్క బాత్రూమ్‌ను మూడు చోట్ల నుంచీ చూద్దాం.

డిజైన్ ఆఫీసులో దాన్ని పుట్టిస్తారు. ప్లాన్‌లో ఐదడుగులు ఎనిమిదడుగుల పెట్టె గీయడంతో పని మొదలవుతుంది. వర్కింగ్ డ్రాయింగ్ దశకు వచ్చేసరికి ప్రశ్నలు వస్తాయి. స్లాబ్‌ను పాత పద్ధతిలో 300 మిల్లీమీటర్లు కిందికి దించి పైపులను ఆ గుంతలో పరవాలా, లేక కొద్దిగా మాత్రమే దించి పైపులను స్లాబ్ కింద, కింది ఇంటి బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ పైన వేలాడదీయాలా? మొదటి పద్ధతిలో లీకేజీ వస్తే సొంత ఇంటి టైల్స్ పగలగొట్టాలి. రెండో దానిలో కింది ఇంటివాళ్ల తలుపు తట్టాలి. ఎంచుకున్నదాన్ని బట్టి బీమ్ లోతు, పైపులు నిలువుగా దిగే షాఫ్ట్ వెడల్పు, కింది సీలింగ్ ఎత్తు మారతాయి. ఆ తర్వాత టైల్ ఏ మూల నుంచి మొదలు కావాలి, ఫ్లోర్ ట్రాప్ టైల్ మధ్యలో పడుతుందా, వాలు ఎటు, గీజర్ పాయింట్ ఎంత ఎత్తులో? స్ట్రక్చరల్ ఇంజినీర్, ప్లంబింగ్ కన్సల్టెంట్ చెప్పేవి కలిపి జీఎఫ్‌సీ, అంటే నిర్మాణానికి విడుదలయ్యే షీట్‌గా మార్చాలి. ఆ షీట్ సైట్‌కి వెళ్లాక మేస్త్రీ ఒక కొలత అర్థం కావడం లేదని ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్‌కి జవాబు చెప్పడం కంటే మంచి పాఠం ఈ వృత్తిలో తొలి రెండేళ్లలో లేదు. గీసిన గీతకు ఎవరో డబ్బు, సిమెంటు పెడుతున్నారని అప్పుడే ఒంటబడుతుంది.

అయితే డిజైన్ ఆఫీసు అన్న ప్రతి చోటా ఇది దొరకదు. పేరున్న ఆఫీసుల్లో సైతం కొత్తవారిని ఏడాది పాటు పోటీల కోసం, క్లయింట్ ప్రజెంటేషన్ల కోసం త్రీడీ మోడళ్లు, రెండర్లు చేయించడానికే కూర్చోబెట్టడం ఉంది. అక్కడ డిజైన్ గంటలు దొరుకుతాయి, ఆ 1,520 గంటల వైపు ఒక్కటీ కదలదు. వెలుతురు పడిన అందమైన బొమ్మలు చేతికొస్తాయి గానీ, ఆ గోడ వాన నీటిని ఎలా ఆపుతుందో తెలియదు.

డెవలపర్ దగ్గర ఆ బాత్రూమ్ డ్రాయింగ్ బయటి కన్సల్టెంట్ నుంచి వస్తుంది. అక్కడి ఆర్కిటెక్ట్ పని దాన్ని తనిఖీ చేయడం, ప్లంబింగ్ డ్రాయింగ్‌తో పోల్చడం, సైట్ ఇంజినీరు అడిగిన ప్రశ్నను కన్సల్టెంట్‌కి పంపి జవాబు రాబట్టడం. దీన్ని చాలామంది గుమాస్తా పనిగా తీసిపారేస్తారు, అది పొరపాటు. డిజైన్ ఆఫీసు ఎప్పుడూ చూడని రెండు విషయాలు ఇక్కడ కనపడతాయి. ఒకటి, ఫలితం. రెరా చట్టం ప్రకారం ఫ్లాట్ అప్పగించాక ఐదేళ్ల లోపు బయటపడే నిర్మాణ లోపాలను డెవలపరే సరిచేయాలి. అందుకే పాత ప్రాజెక్టుల ఫిర్యాదులన్నీ ఆ ఆఫీసుకే చేరతాయి. ఏ రకం స్లాబ్‌లో లీకేజీలు ఎక్కువ, ఏ షాఫ్ట్‌లోకి ప్లంబర్ దూరలేకపోయాడు అన్నది అక్కడి స్నాగ్ లిస్టుల్లో, అంటే లోపాల జాబితాల్లో ఉంటుంది. వాటిని అడిగి చదివే కుర్రవాడు ఏడాదిలో నేర్చేది చాలా ఎక్కువ. రెండోది, విస్తీర్ణం లెక్క. రెరా కార్పెట్ ఏరియాలో లోపలి పార్టిషన్ గోడలు కలుస్తాయి, బయటి గోడలు, షాఫ్ట్‌లు, బాల్కనీలు కలవవు. కాబట్టి షాఫ్ట్‌ను ఆరంగుళాలు పెంచితే ప్రతి అంతస్తులో అమ్మకానికి చూపే అంకె మీద ప్రభావం పడుతుంది. అమ్మకాలు మొదలయ్యాక ఆమోదించిన ప్లాన్‌లో పెద్ద మార్పు చేయాలంటే మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల లిఖిత అనుమతి కావాలి. ప్లాన్ అన్నది కళ మాత్రమే కాదు, ఒప్పంద పత్రం కూడా అని ఇక్కడే తెలుస్తుంది. హైదరాబాద్‌లో చాలా ప్రాంతాల్లో స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పరిమితి లేకుండా ఎత్తు, ఖాళీ వదలాల్సిన స్థలం, రోడ్డు వెడల్పు మీదే భవనం ఎంత పెరగాలో తేలుతుంది. ఆ లెక్కలు చేతిలో ఆడేవారికి ఈ నగరంలో ఎప్పుడూ పని ఉంటుంది.

లోటు ఏమిటంటే చేయి మొద్దుబారుతుంది. రెండేళ్లు ఇతరుల డ్రాయింగ్‌ల మీద ఎర్ర గుర్తులు పెట్టినవారు, తెల్ల షీట్ ముందు కూర్చోవాల్సి వస్తే తడబడతారు. సొంత డిజైన్ స్టూడియో పెట్టుకున్న డెవలపర్ దగ్గర ఈ లోటు తక్కువ.

ఇంటీరియర్ స్టూడియోకి ఆ బాత్రూమ్ కట్టేశాక దొరుకుతుంది. డ్రాయింగ్‌లో 2,400 మిల్లీమీటర్లున్న గోడ కొలిస్తే 2,372 వస్తుంది, పైన ఒక కొలత, కింద ఒక కొలత. వార్డ్‌రోబ్ పలకలు ఫ్యాక్టరీలో కోసి వస్తాయి, పది మిల్లీమీటర్లు తప్పితే మళ్లీ కోయాలి. అందుకే పక్కన ఫిల్లర్ పట్టీకి చోటు వదలడం అలవాటవుతుంది. వాష్‌బేసిన్ కింది అరకు మామూలు ప్లైవుడ్ కాక నీటిని తట్టుకునే ఐఎస్ 710 రకం ఎందుకో, అద్దం బిగించడానికి వేసిన డ్రిల్ వాటర్‌ప్రూఫింగ్‌ను చీల్చితే ఏమవుతుందో తెలుస్తుంది. గీతకూ గోడకూ మధ్య ఉండే తేడాను ఇంత దగ్గరగా నేర్పే చోటు మరొకటి లేదు. పైగా క్లయింట్‌తో నేరుగా మాట్లాడటం, బడ్జెట్ దాటకుండా ఒప్పించడం తొలి నెల నుంచే చేయాలి.

కానీ ఇదంతా వడ్రంగులతో, రాతి గోదాముతో, సైట్‌తో సంబంధమున్న చిన్న స్టూడియోల విషయం. పెద్ద మాడ్యులర్ కంపెనీల షోరూముల్లో ‘డిజైనర్’ పని ఎక్కువగా అమ్మకమే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న క్యాబినెట్లను లాగి పెడితే కటింగ్ లిస్టు అదే తయారవుతుంది. కొలతలు ఇంకొకరు తీస్తారు, బిగింపు మరొకరు చూస్తారు. ఐదేళ్ల బీఆర్క్ చదివినవారికి అక్కడ ఆరు నెలల తర్వాత కొత్తగా నేర్చుకునేది చాలా తక్కువ. ఈ మాట కటువుగా అనిపించవచ్చు, కానీ ముందే తెలియడం మేలు.

పోర్ట్‌ఫోలియోలో ఈ మూడు అనుభవాల విలువ, చూసేవారిని బట్టి మారుతుంది. ఇంటీరియర్‌లో ఏడాదిలోపే నాలుగైదు పూర్తయిన ఇళ్ల ఫొటోలు చేతికొస్తాయి. టవర్ పనిచేసినవారికి అది పూర్తవడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు, అప్పటికి వారు ఆ ఆఫీసులో ఉండకపోవచ్చు. అయినా మరో డిజైన్ ఆఫీసు ప్రిన్సిపల్ ఆ ఫొటోలను వేగంగా తిప్పేసి, ఒక మెట్ల సెక్షన్ షీట్ దగ్గర ఆగుతాడు. ట్రెడ్, రైజర్, రెయిలింగ్ బిగింపు, ల్యాండింగ్ కింద తల తగలకుండా ఉండే ఎత్తు ఒకే షీట్‌లో సరిగ్గా ఉంటే ఆ మనిషికి పని వచ్చని తెలుస్తుంది. విదేశాల్లో మాస్టర్స్‌కు దరఖాస్తు చేసేవారి విషయంలో ఆలోచన సాగిన తీరుకు విలువ ఎక్కువ, అక్కడ థీసిస్, పోటీల పని ముందుకొస్తుంది. ఉద్యోగ అనుభవం దానికి తోడుగా ఒకటి రెండు పేజీలు చాలు.

డెవలపర్ దగ్గర పనిచేసినవారు చూపడానికి ఏమీ లేదని బాధపడుతుంటారు. చూపాల్సింది బిల్డింగ్ బొమ్మ కాదు, తీసుకున్న నిర్ణయం. ముందున్న సెల్లార్ లేఅవుట్, స్తంభాల వరస మార్చాక వచ్చినది, పెరిగిన పార్కింగ్‌లు, అందుకు వదులుకున్నది. ఆ ఒక్క పేజీ పది రెండర్ల కంటే బలంగా నిలబడుతుంది. తేదీలు, ప్రాజెక్టు పేరు తీసేసి స్వయంగా తిరిగి గీసిన డయాగ్రమ్ అయితే గోప్యత ఇబ్బంది కూడా తగ్గుతుంది.

హక్కుల విషయం ముందే తేల్చుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని సంస్థే. ఫీజు పద్ధతిలో పనిచేసేవారి పరిస్థితి వేరు కావచ్చు, అందుకే ఆఫర్ లెటర్‌లోని వాక్యం కీలకం. పోర్ట్‌ఫోలియోలో వాడుకోవడానికి అనుమతిని చేరేటప్పుడే మెయిల్‌లో అడిగితే చాలామంది ఇస్తారు. మానేసే రోజున అడిగితే ఇవ్వరు. ప్రతి పేజీలో తన పాత్ర స్పష్టంగా రాయాలి: వర్కింగ్ డ్రాయింగ్స్ మాత్రమే చేశారా, సైట్ చూశారా, రెండర్ బయటి ఆర్టిస్ట్ చేశాడా. హైదరాబాద్‌లో ఈ వృత్తి చిన్న ప్రపంచం, ఒక్క ఫోన్‌తో నిజం తెలిసిపోతుంది.

ఒక చోటి నుంచి మరో చోటికి మారడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. డిజైన్ ఆఫీసులో రెండేళ్లు చేసినవారిని డెవలపర్లు సంతోషంగా తీసుకుంటారు, జీతం ఒక్కసారిగా పెరుగుతుంది. డెవలపర్ నుంచి డిజైన్ ఆఫీసుకు రావాలంటే జీతం తగ్గించుకోవాలి. అలవాటైన ఈఎంఐల వల్ల చాలామంది ఆ అడుగు వేయలేరు. మాడ్యులర్ ఇంటీరియర్‌లో మూడేళ్లు గడిపినవారికి భవనాల ఆఫీసు తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటుంది, కారణం ఆ 1,520 గంటల ఖాళీయే. కాబట్టి మొదటి అడుగు డిజైన్ ఆఫీసు వైపు వేయడమే తెలివైన క్రమం. అయితే ఆ ఆఫీసులో ఆ సమయానికి ఒక ప్రాజెక్టు జీఎఫ్‌సీ దశలోకి అడుగుపెడుతూ ఉండాలి.

అది ఇంటర్వ్యూలో కనుక్కోవచ్చు. ఇటీవల విడుదలైన ఒక జీఎఫ్‌సీ షీట్ చూడొచ్చా అని అడగాలి. టైటిల్ బ్లాక్‌లో రివిజన్ నంబర్లు, తేదీలు, మార్పుల చుట్టూ గీసిన మబ్బు గుర్తులు ఉంటే ఆ ఆఫీసులో డ్రాయింగ్ సైట్‌తో మాట్లాడుతోందని అర్థం. షీట్ మీద ‘గీసినవారు’ అన్నచోట ఉన్న పొడి అక్షరాలు ఎంత అనుభవమున్న మనిషివో అడిగితే, కొత్తవారికి ఆ పని ఇస్తారో లేదో తేలుతుంది. సైట్‌కి వారానికి ఎవరు వెళ్తారు, తాను చేరితే ఏ ప్రాజెక్టు మీద, ఏ దశలో అన్నవి తర్వాతి ప్రశ్నలు. డెవలపర్ అయితే డ్రాయింగ్‌లు లోపలే తయారవుతాయా అని, ఇంటీరియర్ స్టూడియో అయితే కొలతలు, ఫ్యాక్టరీ, బిగింపు మూడూ డిజైనరే చూస్తాడా అని అడగాలి. గత ఏడాది మానేసిన ఒకరితో పది నిమిషాలు మాట్లాడితే పని గంటల సంగతి కూడా తెలిసిపోతుంది.

ఇక ఆ పట్టభద్రుడి మీద చదువు అప్పు ఉండి, నెలకు 12,000 ఈఎంఐ కట్టాల్సి ఉందనుకుందాం. డిజైన్ ఆఫీసు ఇచ్చే 19,800లో అది పోతే మిగిలే 7,800తో హాస్టల్, భోజనం, బస్సు గడవవు. ఇక్కడే చాలామంది లెక్క మూసేసి డెవలపర్ ఆఫర్‌కి సంతకం చేస్తారు. కానీ బ్యాంకుల విద్యా రుణాల్లో సాధారణంగా చదువు కాలంతో పాటు మరో ఏడాది వరకు ఈఎంఐ మొదలు కాదు, వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. తన రుణ పత్రంలో ఆ గడువు ఎప్పటి వరకో చూసుకుంటే, ఆ ఏడాదిని జీఎఫ్‌సీ దశలో ఉన్న డిజైన్ ఆఫీసులో గడపవచ్చు. ఇల్లు నగరంలోనే ఉన్నవారికి ఇది సులువు, అద్దె కట్టేవారికి కష్టమే కానీ ఈఎంఐ లేనంత కాలం సాధ్యం. పదో నెల నుంచి డెవలపర్ల దగ్గర మళ్లీ ఇంటర్వ్యూలకు వెళితే, అప్పుడు చేతిలో కాలేజీ షీట్లతో పాటు సైట్‌లో కట్టిన ఒక బాత్రూమ్ డిటెయిల్, ఒక మెట్ల సెక్షన్ ఉంటాయి. 4.8 లక్షల ఆఫర్‌ను అక్కడి నుంచి పైకి బేరమాడవచ్చు. ఆ గడువు ఇప్పటికే దాటిపోయినా, ఇంట్లో ఆధారపడేవారున్నా డెవలపర్ ఆఫరే సరైనది. అప్పుడు అడగాల్సిన హామీ ఒక్కటి: తొలి ఆరు నెలల్లో కనీసం ఒక టవర్ డ్రాయింగ్ సెట్ మొత్తం మొదటి షీట్ నుంచి చివరి రివిజన్ వరకు తన చేతి మీదుగా వెళ్లాలి.